ఏడేళ్ళ తర్వాత మళ్ళీ కంపెనీ బస్సెక్కాను: తరచుగా అడిగే ప్రశ్నలు

2024 జూన్‌లో నేను మళ్ళీ ఉద్యోగంలో చేరాను. ఉండేది విజయనగరంలో, పని పైడిభీమవరంలోని ఒక మందుల ఫ్యాక్టరీలో. క్వాలిటీ కంట్రోల్ ల్యాబులో కెమిస్టుని. చేరిన దగ్గర్నుంచి కంపెనీ బస్సులో, పెళ్ళిళ్ళలో, సిరిమానోత్సవానికి ఇంటికొచ్చిన చుట్టాల మధ్య అవే ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. అడిగేవాళ్ళలో చాలామంది నాలాగే మానేసి ఇంట్లో ఉన్న ఆడవాళ్ళు. ఒక్కొక్కరికి ఫోన్లో సగం సగం చెప్పే బదులు అన్నీ ఒకచోట రాస్తున్నాను.

ఉద్యోగం ఎందుకు మానేశావు? మళ్ళీ ఎందుకు చేరావు?

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అయ్యాక 2012 జూన్‌లో మొదటి ఉద్యోగంలో చేరాను. అదీ పైడిభీమవరంలోనే, వేరే ఫ్యాక్టరీ. 2017 మార్చిలో, పాప కడుపులో ఉండగా మానేశాను. ఏడాదిలో తిరిగి వెళ్దామనుకున్నాను. పాపకి ఆయాసం ఎక్కువగా ఉండేది, చలికాలం వస్తే రాత్రుళ్ళు నిద్ర ఉండేది కాదు. ఏడాది రెండేళ్ళయింది, రెండు మూడయ్యాయి.

మా ఆయనది ఫోటో స్టూడియో. 2020లో పెళ్ళిళ్ళు ఆగిపోయాయి. స్టూడియో అద్దె, కెమెరా కిస్తీ మాత్రం ఆగలేదు. నా పేరున ఉన్న 90 వేల ఫిక్స్‌డ్ డిపాజిట్ మొదట కరిగింది. తర్వాత నా గాజులు బ్యాంకులో పెట్టి లక్షా 20 వేలు తెచ్చాం. 2021లో నల్లపూసల గొలుసు తాకట్టు వ్యాపారి దగ్గర పెట్టి ఇంకో 40 వేలు తీసుకున్నాం. మొదటి ఉద్యోగంలో నేను దాచుకున్నదంతా అలా పోయింది, లేదా పోయిందనుకున్నాను. ఆ అనుకోవడంలో తప్పుందని తర్వాత తెలిసింది. అందుకే ఈ పేజీలో ఎక్కువ భాగం దాని గురించే.

ఇన్నేళ్ళ గ్యాప్ ఉంటే ఎవరిస్తారు ఉద్యోగం? ఇంటర్వ్యూలో ఏమడిగారు?

గ్యాప్ ఎందుకు వచ్చిందని ఒక్క నిమిషమే అడిగారు. పాప ఆరోగ్యం అని ఉన్నదే చెప్పాను. మిగతా అరగంట పనిమీదే నడిచింది.

నేను మానేసేటప్పటికి మా ల్యాబులో చాలా లెక్కలు నోటుపుస్తకంలో చేత్తో రాసేవాళ్ళం. ఇప్పుడు మందులో ఏది ఎంతుందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ మెషీన్ మీద నమూనా ఒకసారి నడిపితే ఎవరు నడిపారు, ఎన్నింటికి నడిపారు, రెండోసారి ఎందుకు నడిపారు, అంతా సాఫ్ట్‌వేర్లో ఆడిట్ ట్రెయిల్‌గా ఉండిపోతుంది. దాన్ని చెరపడం మన చేతిలో ఉండదు. ఫలితం బాగా రాలేదని ఇంకోసారి నడిపేసి మొదటిది పక్కన పెట్టేయడం ఇప్పుడు ఉద్యోగం పోయేంత తప్పు. ఇంటర్వ్యూలో సరిగ్గా అదే అడిగారు: ఫలితం పరిమితి దాటి వస్తే ముందు ఏం చేస్తావు? నమూనా పారేయకుండా ఉంచి, మెషీన్ కదపకుండా పైవాళ్ళకి చెప్తానన్నాను. నా బ్యాచ్‌మేట్ ఇంటికి రెండు నెలలు ఆదివారం ఆదివారం వెళ్ళి ఇవన్నీ అడిగి రాసుకున్నాను. అది పనికొచ్చింది.

ట్రైనీగా 14 వేలకి చేరమన్నారు మొదట. పాత అనుభవ పత్రం, రిలీవింగ్ లెటరు, ఆఖరి మూడు నెలల జీతం స్లిప్పులు తీసి బల్లమీద పెట్టాను. నాలుగేళ్ళ పది నెలలు అదే పని చేసినట్టు కాగితం ఉండేసరికి మాట మారింది. 22 వేలకి కుదిరింది. ఆ ఫైలుని ఏడేళ్ళూ బియ్యం డబ్బా వెనకాల దాచిన మా అత్తయ్యకి నేను రుణపడి ఉన్నాను.

చేరేముందు మొట్టమొదట ఏం చేశావు?

పాత పీఎఫ్ వెతికాను. ఇది అడిగినవాళ్ళందరికీ ముందు చెప్పే మాట. కొత్తగా ఎంత దాచాలా అని లెక్కలు వేసుకునే ముందు, పాత ఉద్యోగంలో మీ పేరున ఏం మిగిలిందో చూసుకోండి.

ఆ జీతం స్లిప్పు మీద యూఏఎన్ ఉంది. పీఎఫ్‌కి ఇచ్చే పన్నెండంకెల నంబరు, కంపెనీ మారినా ఇది మారదు. ఇది 2014లో వచ్చింది, అంతకుముందు ఒక్కో కంపెనీకి ఒక్కో పీఎఫ్ నంబరు మాత్రమే ఉండేది. 2014 తర్వాత మానేసిన వాళ్ళకి ఈ నంబరు ఉండే ఉంటుంది. నా చేతిలో నంబరైతే ఉంది గానీ దానికి జతచేసిన ఫోన్ నంబరు ఎప్పుడో పోయింది. ఆధార్ దానికి జతపడి లేదు. అందుకని మొదటి రోజే పాస్‌బుక్ తెరుచుకోలేదు. పీఎఫ్ కార్యాలయానికి వెళ్ళి అడిగితే నిల్వ చెప్పారు. 2017 మార్చి చివరికి 86 వేలు. వడ్డీలతో కలిపి 2024 మార్చికి లక్షా 51 వేలు.

ఆ అంకె విని కాగితం మీద రాసివ్వమన్నాను. బయటికొచ్చి మెట్లమీద కూర్చుని మళ్ళీ చూసుకున్నాను.

మూడేళ్ళు డబ్బు పడకపోతే పీఎఫ్‌కి వడ్డీ ఆగిపోతుందట కదా?

మా మావయ్య కూడా ఇదే అన్నారు. ఒకప్పుడు నిజమే. 2011 నుంచి కొన్నేళ్ళు ఆ నియమం ఉండేది. మూడేళ్ళు ఏమీ పడని ఖాతాకి వడ్డీ ఇచ్చేవారు కాదు. 2016లో మార్చారు. ఇప్పుడు వయసులో ఉండగా ఉద్యోగం మానేసినవాళ్ళ ఖాతాకి 58 ఏళ్ళు వచ్చేవరకు వడ్డీ పడుతూనే ఉంటుంది. ఊళ్ళో మాత్రం పాత మాటే నడుస్తోంది. దాంతో చాలామంది ఖాతా చచ్చిపోయిందనుకుని వదిలేస్తున్నారు.

నా ఏడేళ్ళలో వడ్డీ 2018-19లో అన్నిటికన్నా ఎక్కువ, 8.65 శాతం. 2021-22లో అన్నిటికన్నా తక్కువ, 8.1 శాతం. మొత్తానికి 86 వేల మీద 65 వేలు పెరిగింది.

ఒక సంగతి దాచకూడదు. ఉద్యోగంలో లేని కాలంలో పడిన వడ్డీకి పన్ను మినహాయింపు ఉండదు. ఆ ఏళ్ళలో నాకు వేరే ఆదాయం లేదు కాబట్టి పన్ను కట్టాల్సినంత కాలేదు. మీకు అద్దెలో, వేరే వడ్డీలో వస్తుంటే మాత్రం రిటర్న్ వేసేవారిని అడగండి.

ఆ డబ్బు తీసేసి బంగారం విడిపించేసుకోవచ్చు కదా?

మా ఆడపడుచు ఫోన్లో మొదట అడిగింది ఇదే. నాకూ రెండు రాత్రులు అదే ఆలోచన. 2024 మేలో, అంటే కొత్త ఉద్యోగంలో చేరకముందు, మొత్తం తీసేసే అవకాశం నాకుంది.

తీయకపోవడానికి నా సర్వీసే కారణం. నాలుగేళ్ళ పది నెలలు. ఐదేళ్ళు నిండకుండా తీస్తే ఆ మొత్తం ఆదాయంలో కలుస్తుంది, 50 వేలు దాటితే పాన్ ఉన్నా పది శాతం ముందే కోసుకుంటారు. తీయకుండా కొత్త ఖాతాకి మార్చుకుంటే పాత సర్వీసు కొత్త సర్వీసుతో కలిసిపోతుంది. ఇంకో రెండు నెలలు పనిచేస్తే ఐదేళ్ళు.

రెండోది పింఛను. యజమాని కట్టే వాటాలోంచి కొంత పింఛను పథకానికి వెళ్తుంది. నెలనెలా పింఛను రావాలంటే పదేళ్ళ సర్వీసు ఉండాలి. అదీ తీసేసుకుంటే మళ్ళీ సున్నా నుంచి పదేళ్ళు. కలుపుకుంటే ఇంకో ఐదేళ్ళ రెండు నెలలే. నాకప్పటికి ముప్పైఆరు. ఇంకో ఐదేళ్ళు చేయగలనా అంటే చేయగలను. పదేళ్ళు తప్పకుండా చేస్తానని మాత్రం నా ఇంటి పరిస్థితి తెలిసి నేను చెప్పలేను.

బ్యాంకు బంగారం అప్పు మీద వడ్డీ 9 శాతం, పీఎఫ్ ఇచ్చేది 8.25. తేడా చిన్నది. దానికోసం నాలుగేళ్ళ పది నెలల సర్వీసు వదులుకోవడం నాకు సరిగా అనిపించలేదు. పాప ఆసుపత్రికి డబ్బు కావాల్సి వచ్చి ఉంటే ఇంకోలా నిర్ణయించేదాన్నేమో.

పీఎఫ్‌లో పేరు, ఆధార్‌లో పేరు వేరుగా ఉన్నాయి. ఏం చేయాలి?

మన ఆడవాళ్ళలో పదిమందిలో ఎంతమంది ఇక్కడ ఆగిపోతున్నారో నేను బస్సులోనే చూస్తున్నాను. పదో తరగతి మార్కుల జాబితాలో పుట్టింటి ఇంటిపేరు, అదీ ఒక్క పొడి అక్షరం. పీఎఫ్‌లో అదే ఎక్కింది. పెళ్ళయ్యాక ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, పూర్తిగా. కంప్యూటర్‌కి ఇద్దరూ వేరు వేరు మనుషులు. పేరు కలవకపోతే ఆధార్ జతపడదు. ఆధార్ జతపడకపోతే కొత్త కంపెనీ మీ ఖాతాలో డబ్బు జమ చేయలేదు.

దీనికి జాయింట్ డిక్లరేషన్ అని ఒకటుంది. మనమూ పాత యజమానీ కలిసి పేరు ఇదీ అని చెప్పడం. నేను చేసిన 2024లో దీనికి పాత కంపెనీ ఆమోదం తప్పనిసరి. ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు, మెయిల్‌కి జవాబు లేదు. మే నెల ఎండలో పాత ఫ్యాక్టరీ గేటు దగ్గరికి మూడుసార్లు వెళ్ళాను. మూడోసారి సెక్యూరిటీ ఆయన నన్ను గుర్తుపట్టాడు. "ఏటమ్మా, ల్యాబులో ఉండేదానివి కాదా?" అని లోపలికి ఫోన్ కలిపాడు. ఆధార్, పదో తరగతి మార్కుల జాబితా, వివాహ ధ్రువపత్రం నకళ్ళు ఇచ్చాను. పేరు మారేసరికి నలభై రోజులు పట్టింది.

ఆ నలభై రోజులు టెన్షన్ ఎందుకంటే, జూన్ జీతం మీద పీఎఫ్‌ని కొత్త కంపెనీ జులై 15 లోపు కట్టాలి. నా పేరు జూన్ ఆఖరి వారంలో సరయింది. అందుకే చెప్తున్నాను, ఉద్యోగం దొరికాక కాదు, దొరుకుతుందనుకున్న రోజే ఈ పని మొదలుపెట్టండి. బ్యాంకు ఖాతా, పాన్, ఆధార్ మూడింట్లో పేరు ఒకేలా ఉందో లేదో ఇవాళే చూసుకోవచ్చు.

కొత్త కంపెనీవాళ్ళు కొత్త నంబరు తీసేస్తామంటున్నారు. తీసుకోనా?

వద్దు. నాకూ అన్నారు, పాతది తేలేదాకా ఆగడమెందుకు, కొత్తది ఐదు నిమిషాల్లో వస్తుందని. నా బ్యాచ్‌మేట్‌కి అలాగే తీశారు. ఇప్పుడు ఆమెకి రెండు యూఏఎన్‌లు. ఆధార్ కొత్తదానికి జతపడిపోయింది, పాతదానికి పడట్లేదు. పాత డబ్బు కళ్ళముందే ఉంది, చేతికి అందట్లేదు.

చేరేరోజు ఇచ్చే కాగితాల్లో ఫారం 11 ఉంటుంది. ఇంతకుముందు పీఎఫ్ సభ్యులా అని అడుగుతుంది. అక్కడ అవును అని రాసి, పాత యూఏఎన్ మీ చేత్తో మీరే రాయండి. ఖాళీగా వదిలితే కొత్తగా ఉద్యోగంలోకి వచ్చిన మనిషిగా లెక్కేస్తారు. నింపిన కాగితం ఫోటో తీసుకోండి.

పాత ఖాతా కొత్తదానికి ఎలా మార్చావు? మారినట్టు ఎలా తెలుస్తుంది?

పేరు సరై, ఆధార్ జతపడ్డాక మిగతాదంతా ఇంట్లో కూర్చునే చేశాను. ముందు ఒక అడ్డు. పాత కంపెనీ నేను మానేసిన తేదీ ఎక్కించలేదు. అంటే రికార్డు ప్రకారం ఏడేళ్ళుగా నేనింకా అక్కడే పనిచేస్తున్నాను. ఈ తేదీ ఇప్పుడు మనమే వేసుకోవచ్చు. పీఎఫ్ సభ్యుల పోర్టల్లో Manage కింద Mark Exit నొక్కితే ఆధార్ ఫోనుకి ఓటీపీ వస్తుంది. మానేసి రెండు నెలలు దాటి ఉండాలి. కంపెనీ ఆఖరిసారి డబ్బు కట్టిన నెలలోని తేదీనే తీసుకుంటుంది. ఒకసారి వేశాక మార్చడం తేలిక కాదు, కాబట్టి రిలీవింగ్ లెటరు పక్కన పెట్టుకుని వేయండి.

తర్వాత Online Services లో One Member - One EPF Account అని ఉంటుంది. అక్కడ పాత ఖాతా, కొత్త ఖాతా రెండూ కనబడతాయి. అక్కడే అర్జీ పెట్టాలి. నేను పెట్టిన 2024లో దాన్ని యజమాని ఆమోదానికి పంపాల్సి వచ్చింది. నాకు మూడు వారాల్లో అయింది. పాత పాస్‌బుక్‌లో నిల్వ సున్నా అయింది, కొత్తదాంట్లో ఒకే వరుసలో పాత మొత్తం వచ్చి చేరింది.

ఇక్కడ ఒక్కటి చూసి భయపడకండి. కొత్త పాస్‌బుక్‌లో పింఛను గడిలో పాత మొత్తం రాదు, సున్నా కనబడుతుంది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. పింఛను వాటా డబ్బుగా మారదు, సర్వీసుగా మాత్రమే కలుస్తుంది. View కింద Service History తెరిస్తే రెండు ఉద్యోగాలూ తేదీలతో వరుసగా ఉండాలి. అవి ఉంటే పింఛనుకి లెక్క సరిగ్గా ఉన్నట్టే.

నిల్వ చూసుకోవడానికి ప్రతిసారీ పోర్టల్ అక్కర్లేదు. జతచేసిన ఫోను నుంచి 7738299899 కి ఇలా పంపితే తెలుగులో జవాబొస్తుంది:

```
EPFOHO UAN TEL
```

జీతమెంత? చేతికెంత వస్తుంది?

మొత్తం 22 వేలు. మూలవేతనం 15 వేలు, దాని మీద 12 శాతం అంటే 1,800 నా పీఎఫ్ వాటా. వృత్తి పన్ను 200. చేతికి 20 వేలు. కంపెనీ కూడా 1,800 కడుతుంది గానీ అందులో 1,250 పింఛనుకి పోయి 550 మాత్రమే పాస్‌బుక్‌లో పడుతుంది. అంటే నెలకి నా ఖాతాలో చేరేది 2,350.

చేతికొచ్చే 20 వేలల్లో ఇంటి ఖర్చుకి 6 వేలు, పాప బడికి, ట్యూషన్‌కి 3,500, నా చేతిఖర్చుకి వెయ్యి. 8 వేలు అప్పులకి. మిగిలిన 1,500 అత్తయ్యకి.

అత్తగారికి డబ్బులివ్వడమేమిటి?

పొద్దున్న ఏడుంబావుకి ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర బస్సు పట్టుకుంటే మళ్ళీ సాయంత్రం ఏడుకి ఇల్లు. ఆ పన్నెండు గంటలూ పాప ఆవిడ దగ్గరే. ఆవిడ లేకపోతే నా 22 వేలు లేవు. మొదటి నెల ఇస్తే "నా మనవరాల్ని చూసుకోడానికి నాకు జీతమేటి?" అని కోప్పడ్డారు. ఆవిడ పేరున పోస్టాఫీసులో ఖాతా తెరిచి అందులో వేస్తున్నాను. పుస్తకం ఆవిడ పెట్టెలోనే ఉంది.

రెండు అప్పుల్లో ఏది ముందు తీర్చావు?

చిన్నదైన 40 వేలది. చిన్నదని కాదు, వడ్డీ ఎక్కువని. తాకట్టు వ్యాపారి దగ్గర నూటికి రెండు రూపాయలు. చెవికి తక్కువగానే ఉంటుంది. నెలకి రెండంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకుది 9.

మూడేళ్ళు నెలకి 800 చొప్పున వడ్డీ ఒక్కటే కట్టాం. అంటే 28,800 వెళ్ళిపోయింది, అసలు 40 వేలూ అలాగే ఉంది. 2024 జులై నుంచి నెలకి 8 వేలు తీసుకెళ్ళాను. మొదటి నెల 800 వడ్డీకి పోను 7,200 అసలులోంచి తగ్గింది. రెండో నెల 32,800 మీదే వడ్డీ, 656. మూడో నెల 509. అలా తగ్గుతూ ఆరో నెలకి కట్టాల్సింది 2,600 లోపే మిగిలింది. ఆరు నెలల్లో కట్టిన వడ్డీ మొత్తం కూడా అంతే, 2,600 కన్నా తక్కువ.

వెళ్ళిన ప్రతిసారీ అసలు ఎంత తగ్గిందో చీటీ వెనక రాయించి సంతకం పెట్టించుకున్నాను. ముందే అడగండి, విడతలుగా అసలు తీసుకుంటారా అని. కొందరు మొత్తం ఒకేసారి తెస్తేనే తీసుకుంటారు. అలాంటి చోట ఆ 8 వేలూ నెలనెలా విడిగా బ్యాంకులో వేసి, నిండాక పట్టుకెళ్ళడమే.

బంగారం ధర ఇంత పెరిగింది కదా, అదే బంగారం మీద ఇంకొంచెం తీసుకోవచ్చుగా?

2025లో పది గ్రాములు లక్ష దాటినప్పుడు బ్యాంకులో కూడా అన్నారు. అవే గాజుల మీద ఇప్పుడు రెట్టింపు దాకా వస్తుంది, అప్పు తిరగరాసేటప్పుడు పెంచుకోండి అని. మా ఆయన కొత్త కెమెరా గురించి ఆలోచించారు. ఇద్దరం ఒక సాయంత్రం కోట గోడ వెంట నడుస్తూ మాట్లాడుకున్నాం. ధర పెరిగితే గాజుల విలువ పెరిగింది గానీ నా జీతం పెరగలేదు. తీర్చేది జీతం. పెళ్ళిళ్ళ సీజనులో అద్దె కెమెరాతో చేస్తానని ఆయనే అన్నారు.

ఇప్పుడు లెక్క ఎక్కడుంది?

2025 జనవరి నుంచి ఆ 8 వేలని రెండుగా చేశాను. 6 వేలు బ్యాంకు బంగారం అప్పుకి, 2 వేలు పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌కి. అప్పు తీరేదాకా పొదుపెందుకు అని అడుగుతారు. పాపకి ఆయాసం వచ్చిన రాత్రి చేతిలో ఏమీ లేకపోతే మళ్ళీ తాకట్టు కొట్టుకే వెళ్ళాలి. ఆ 2 వేలు అందుకు.

పీఎఫ్‌లో 2025 మార్చికి సుమారు లక్షా 85 వేలు చేరింది. రికరింగ్‌లో ఆ ఏడాది చివరికి 24 వేలు. బ్యాంకు అప్పు లక్షా 20 వేలు ఏడాదిలో 56 వేలకి దిగింది.

నల్లపూసలు ఇంటికొచ్చాయా?

2024 డిసెంబరులో, ఆఖరి విడత కట్టిన సాయంత్రమే తెచ్చుకున్నాను. కొక్కెం వదులైంది, గంటస్తంభం దగ్గర బాగుచేయించాను. ల్యాబులో మెడలో ఏమీ వేసుకోనివ్వరు కాబట్టి ఆదివారాలే వేసుకుంటాను. గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. ప్రతి నెలా అయిదో తారీఖున కడుతున్నాను.